శుభలేఖ బొమ్మలో మన జంట ముఖాలు: ఏ టెంప్లేట్‌కి ఏ పద్ధతి నప్పుతుంది

మా పిన్ని కూతురి పెళ్లికి శుభలేఖ పని నా మీద పడింది. వాళ్లు కొనుక్కున్న టెంప్లేట్‌లో జీలకర్ర బెల్లం ఘట్టం గీసి ఉంది. మధ్యలో అడ్డుతెర, దానికి అటూ ఇటూ వధూవరులు, వెనక పురోహితుడు, ఒక మూల సన్నాయి, డోలు వాయించేవాళ్లు. వధూవరుల ముఖాలు మావాళ్లవి కావాలి, బొమ్మ మాత్రం బొమ్మలాగే ఉండాలి. నా దగ్గరకు రాకముందు ఒక షాపులో చేయించారు. అక్కడ ఫోటోలోంచి తలలు కత్తిరించి, కార్టూన్ ఫిల్టర్ వేసి, గీసిన మెడల మీద పెట్టి ఇచ్చారు. పిన్ని దాన్ని చూసి, "పిల్లలు బాగానే ఉన్నారు గానీ, ఆ తలలు వేరే కార్డులోంచి తెచ్చినట్టున్నాయి" అంది. ఆవిడ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

ఈ పనికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ఫోటోకి ఫిల్టర్ వేసి అతికించడం ఒకటి. సాఫ్ట్‌వేర్ చేత ఫోటోని ఆటోమేటిక్‌గా ట్రేస్ చేయించడం రెండోది. ఫోటోని కింద పెట్టుకుని పైన మనమే గీతలు గీయడం మూడోది. ముఖంలో కళ్లూ ముక్కూ ఏమీ గీయకుండా, జుట్టు, కళ్లజోడు, మీసంతోనే పోలిక తెప్పించడం నాలుగోది. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు లేదు. ఎవరి ఫోటో ఎంత బాగుందన్నది కాదు, టెంప్లేట్ గీసిన చేయి ఎలాంటిదన్నదే తేల్చాలి. అందుకే ముందు టెంప్లేట్‌ని కాసేపు తీరిగ్గా చూడమంటాను.

టెంప్లేట్‌లో గీతలు లెక్కపెట్టండి

లెక్కపెట్టడం అంటే నిజంగానే ఒకటి, రెండు, మూడు అని. మా టెంప్లేట్‌లో పెళ్లికూతురి ముఖానికి మొత్తం పది గీతలే ఉన్నాయి. కణత నుంచి గడ్డం దాకా ముఖం అంచు ఒకటి, చెవికి రెండు, కనుబొమలు రెండు, దించిన రెప్పలకు రెండు, ముక్కుకు ఒకే వంపు, పెదాలకు రెండు. పెళ్లికొడుకు కళ్లు తెరిచి ఉంటాడు కాబట్టి కంటిపాపల చుక్కలు రెండు కలిసి పన్నెండు. ఎవరికీ ముక్కుపుటాలు లేవు, కింది రెప్ప లేదు, బుగ్గ మీద నీడ లేదు. పురోహితుడికీ, సన్నాయి వాయించే ఆయనకీ కూడా అంతే. అంటే ఇది తక్కువ గీతలతో పని నడిపే చేయి. ఇందులో మన జంటకు ముప్పై గీతలతో ముఖం గీస్తే, అది ఎంత అందంగా గీసినా పక్కవాళ్ల మధ్య ఇమడదు.

తర్వాత గీత స్వభావం చూడండి. మందం అంతటా ఒకేలా ఉందా, బయటి అంచుకి లావుగా, లోపల సన్నగా ఉందా? చివర గుండ్రంగా ఆగుతుందా, కలం ఎత్తినట్టు సన్నబడుతుందా? రంగు నలుపేనా? చాలా పెళ్లి టెంప్లేట్లలో గీత నల్లగా కనిపిస్తుంది కానీ, రంగు తీసి చూపించే ఐడ్రాపర్ పెట్టి చూస్తే ముదురు గోధుమో, మెరూనో ఉంటుంది. మాది `#5A1A1A`, అంటే ఎండిన కుంకుమ లాంటి మెరూన్.

ఫైలు ఏ రకమో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. ఎనిమిది వందల శాతం జూమ్ చేసినా గీత అంచు పదునుగానే ఉంటే అది వెక్టర్, ఏ ముక్కకి ఆ ముక్క విడిగా పట్టుకోవచ్చు. అంచు మసకబారి గళ్లు కనిపిస్తే అది మామూలు బొమ్మ, అప్పుడు పాత ముఖాన్ని చెరిపి, దాని వెనకున్నది కూడా మనమే పూరించాలి. జేపీజీ ఫైలైతే మరో జాగ్రత్త: గీత అంచు పక్కన రంగు కలుషితమై ఉంటుంది. రంగు తీసుకునేటప్పుడు ఎప్పుడూ విశాలమైన భాగం మధ్యలోంచి తీసుకోండి.

ఫిల్టర్, ఆటో ట్రేస్: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ రావు

ఫిల్టర్ పద్ధతి అన్నిటికన్నా త్వరగా అవుతుంది, పది నిమిషాల పని. దాని లోపం ఏమిటంటే, ఫోటోలో ఉన్న వెలుగునీడలు ఎక్కడికీ పోవు, మెట్లు మెట్లుగా విడిపోతాయి అంతే. ఫోటోలు ఎడిట్ చేసే గింప్‌లో `Colors > Posterize` వాడినా, `Image > Mode > Indexed` లోకి వెళ్లి టెంప్లేట్ పాలెట్‌నే ఇచ్చినా, రంగులు కుదురుతాయి గానీ గీత పుట్టదు. ఫోటోలో ముఖానికి అంచు గీత ఉండదు కదా. కింద ఉన్న పట్టుపంచెకి, చేతులకి స్పష్టమైన మెరూన్ అంచు ఉండి, తలకి లేకపోతే కన్ను ముందు అక్కడే ఆగుతుంది. రంగులెంత సరిపోయినా పిన్ని అన్న మాటే మళ్లీ వస్తుంది.

గీతలు లేకుండా వాటర్‌కలర్ పూతలతో వేసిన టెంప్లేట్ అయితే ఈ పద్ధతికి కొంత అవకాశం ఉంది. లేదంటే ముఖాన్ని గీసిన శరీరం మీద పెట్టడం మానేసి, ఫోటోని ఫోటోగానే ఉంచి, పైన మామిడాకుల తోరణం కింద ఒక గుండ్రటి చట్రంలో పెట్టండి. అది ఫోటో అని చూసేవాళ్లకి తెలుస్తుంది, ఎవరికీ ఇబ్బంది అనిపించదు. అతుకు దాచాలని చూసినప్పుడే అతుకు కనబడుతుంది.

ఆటో ట్రేస్ సంగతి వేరు. ఇంక్‌స్కేప్‌లో `Path > Trace Bitmap` నొక్కగానే నల్లటి ఆకారాలు వచ్చేస్తాయి, చూడ్డానికి గీసినట్టే ఉంటుంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌కి ముక్కు ఏదో, నీడ ఏదో తెలియదు. ఒక స్థాయి కంటే ముదురుగా ఉన్నదంతా ఒకటే దానికి. నేను పెళ్లికూతురైన మా చెల్లి ఫోటోతో ప్రయత్నిస్తే ముక్కు కింద నీడ పై పెదవి మీద నల్లగా పడి మీసంలా తేలింది. పెళ్లికొడుకు ట్రిమ్ చేసిన గడ్డం బుగ్గ నిండా నలుసుల్లా వచ్చింది. వెలుతురు ఒక పక్క నుంచి పడిన ఫోటో కావడంతో రెండో పక్క చెవి, దవడ కలిసిపోయి ఒకే ముద్ద అయ్యాయి. ఆ స్థాయిని, అంటే కట్‌ఆఫ్‌ని, తగ్గిస్తే మీసం పోయింది, దాంతోపాటు కనుబొమలూ పోయాయి.

ఇంకో చిక్కు ఉంది. ఈ మామూలు ట్రేసింగ్ ఇచ్చేది గీత కాదు, గీతలా కనిపించే నిండు ఆకారం. దానికి రెండు వైపులా అంచులుంటాయి, మందం చోటుచోటుకీ మారుతుంది. టెంప్లేట్ గీత అంతటా ఒకే మందమైతే దీన్ని ఆ మందానికి తేవడం కన్నా కొత్తగా గీయడమే సులువు.

అయితే ఆటో ట్రేస్ చక్కగా నప్పే కార్డులున్నాయి. ఒకటి లేదా రెండు రంగుల స్క్రీన్ ప్రింటింగ్ కోసం చేసిన కార్డుల్లో బొమ్మ తరచూ నిండు నలుపు, ఖాళీ కాగితం మాత్రమే అయి ఉంటుంది. చెక్క అచ్చు వేసినట్టుండే ఆ శైలిలో నీడ ముద్దలుగానే పడాలి. కిటికీ పక్కన, ఒకవైపు నుంచి గట్టి వెలుతురుతో తీసిన ఫోటో ఉంటే అక్కడ ట్రేస్ చాలా బాగా వస్తుంది. పైగా స్క్రీన్ ప్రింటింగ్‌లో ప్రతి రంగుకీ విడిగా స్క్రీన్ వేయాలి, ముఖానికి కొత్త రంగు కలిపితే ఖర్చు పెరుగుతుంది. అలాంటి చోట ఒకే రంగులో పోలిక తెచ్చే పద్ధతి డబ్బు కూడా మిగులుస్తుంది.

మా కార్డుకి ఎంచుకున్నది: ఫోటో మీద చేత్తో గీత

అంచు గీత స్పష్టంగా ఉండి, లోపల ఒకే రంగు పూసి ఉన్న టెంప్లేట్‌కి చేత్తో గీయడమే సరైన దారి అని నా అభిప్రాయం. బొమ్మలు గీయడం రానివాళ్లకి కూడా. ఎందుకంటే ఇక్కడ గీయాల్సింది పది గీతలు, అవీ ఫోటో చూపించిన చోట. నాకు రెండు ముఖాలకీ కలిపి రెండు సాయంత్రాలు పట్టింది, అందులో సగం సమయం సరైన ఫోటో కోసమే పోయింది.

టెంప్లేట్‌లో ఇద్దరూ ఒకరివైపు ఒకరు ముప్పావు వంతు తిరిగి ఉన్నారు. వాట్సాప్‌లో వచ్చినవన్నీ కెమెరా వైపు నేరుగా చూసే సెల్ఫీలు. నేరుగా చూసే ముఖాన్ని పక్కకి తిరిగిన మెడ మీద పెడితే మెడ విరిగినట్టుంటుంది. సెల్ఫీకి ఇంకో దోషం, ఫోన్ ముఖానికి మరీ దగ్గరగా ఉండటం వల్ల ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. అందుకని ఇద్దరినీ మళ్లీ ఫోటోలు తీయించుకోమన్నాను. రెండు మీటర్ల దూరం నుంచి, కొంచెం జూమ్ చేసి, కెమెరా కంటి ఎత్తులో పెట్టి, టెంప్లేట్ బొమ్మ ఎటు తిరిగి ఉందో అటే తిరిగి. చెల్లిని కళ్లు కిందికి దించమన్నాను.

వేరే వైపు తిరిగిన ఫోటోని అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. తిప్పితే పాపిడి పక్క మారుతుంది, ముక్కుపుడక రెండో వైపుకి పోతుంది, పుట్టుమచ్చ బుగ్గ మారుతుంది. ఇంట్లోవాళ్లు వీటిని ఇట్టే పట్టేస్తారు. టెంప్లేట్ బొమ్మనే తిప్పితే ఇంకా ఇబ్బంది, ఎడమ భుజం మీదుండాల్సిన పైట కుడి భుజం మీదకి వస్తుంది.

ఇక మందం. కార్డు సైజు ఐదు అంగుళాలు, ఏడు అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 1500, 2100 పిక్సెళ్లు. అందులో ముఖం ఎత్తు సుమారు 210 పిక్సెళ్లు, అంటే కాగితం మీద 18 మిల్లీమీటర్లు. టెంప్లేట్ బయటి గీత 6 పిక్సెళ్లు, లోపలి గీత 4. నేను మొదటి ముఖాన్ని పెద్దగా గీసి తర్వాత కుదించాను. కుదిస్తే గీతలు కూడా సన్నబడి వెంట్రుకల్లా అయ్యాయి, పక్కనున్న పురోహితుడి ముందు చెల్లి ముఖం వెలిసిపోయినట్టు కనిపించింది. అందుకని అసలు సైజులోనే ఉంచి, జూమ్ చేసుకుని గీయండి. పెద్దగానే గీస్తానంటే లెక్క కట్టుకోండి: నాలుగు రెట్లు పెద్దగా గీసేటప్పుడు 6 పిక్సెళ్ల గీత కోసం 24 పిక్సెళ్ల బ్రష్ వాడాలి. ఇంక్‌స్కేప్ లాంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఆకారంతోపాటు గీత మందం కూడా మారాలా వద్దా అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపేసుకుంటే ఈ బాధ ఉండదు. గీత చివరలు, మలుపులు టెంప్లేట్‌లో గుండ్రంగా ఉంటే మీవీ గుండ్రంగానే పెట్టుకోండి.

పోలిక గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పెళ్లి అలంకరణలో మనిషిని గుర్తుపట్టే చోట్లు చాలావరకు కప్పబడిపోతాయి. నుదుటి మీద బాసికం ఉంటుంది కాబట్టి నుదురు ఎంత వెడల్పో, జుట్టు ఎక్కడ మొదలవుతుందో కనబడదు. పూలజడ, పాపిడిబిళ్ల జుట్టుని దాచేస్తాయి. రెప్పలు దించేసరికి కళ్లూ లేవు. ఇక చెల్లి పోలిక నిలబడాల్సింది బుగ్గ నుంచి గడ్డం దాకా వచ్చే ఆ ఒక్క గీత మీదే. మొదటిసారి నేను టెంప్లేట్‌లోని కోల ముఖాన్నే ఉంచి, కనుబొమలు, పెదాలు మాత్రం ఫోటో ప్రకారం మార్చాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు, ఎవరూ చెల్లి అనలేదు. ఆ తర్వాత అంచు గీతని ఫోటో మీదే గీశాను. బుగ్గ గుండ్రమైంది, గడ్డం చిన్నదైంది. కణత దగ్గర బాసికం కింద నుంచి ఆమె ఉంగరాల జుట్టు బయటపడేలా మూడు చిన్న వంపులు పెట్టాను. పెళ్లి బుగ్గచుక్క ఎలాగూ ఉంది కాబట్టి పుట్టుమచ్చ వదిలేశాను, రెండు చుక్కలుంటే అచ్చు తప్పనుకుంటారు.

పెళ్లికొడుకు సులువు. కళ్లజోడు, మీసం, ట్రిమ్ చేసిన గడ్డం. కానీ కళ్లజోడు చుట్టూ 4 పిక్సెళ్ల గీతతో పూర్తి ఫ్రేము గీస్తే ఆ చిన్న ముఖంలో కళ్లు మునిగిపోయాయి. పై అంచు మాత్రం గీసి, కింది అంచు వదిలేసి, చెవి దాకా కాడ లాగాను. చూసేవాళ్ల కన్ను మిగతాది పూర్తి చేసుకుంటుంది. గడ్డానికి చుక్కలు, వెంట్రుకలు పెట్టలేదు. ఆ టెంప్లేట్‌లో ఎక్కడా అలాంటి నూగు లేదు. గడ్డం ఉన్నంత మేరా, అంచు గీత లేకుండా, చర్మం రంగు కన్నా ఒక మెట్టు ముదురు రంగు పూశాను.

బాసికాన్ని మాత్రం టెంప్లేట్‌లో ఉన్నది ఉన్నట్టు ఉంచి, కొత్త ముఖం మీదకి లేయర్‌గా తెచ్చాను. నగలు, పూలు, బాసికం అసలు చిత్రకారుడి చేతివే ఉంటే, మధ్యలో వచ్చిన మన గీతలు కూడా వాటి పక్కన ఆయనవే అనిపిస్తాయి.

ఒంటి రంగు

పెళ్లి టెంప్లేట్లలో వధూవరులిద్దరూ తరచూ ఒకే తెల్లటి రంగులో ఉంటారు. మా పెళ్లికొడుకు చామనఛాయ. ఫోటోలోంచి రంగు తీసి పెడితే బూడిద కలిసినట్టు మురికిగా వచ్చింది, ఎందుకంటే అది ఆ గది వెలుతురు రంగు, ఈ పాలెట్ రంగు కాదు. టెంప్లేట్ రంగునే ఉంచేస్తే అతను వేరే మనిషి అయిపోతాడు. మధ్యే మార్గం ఒకటుంది: టెంప్లేట్ చర్మం రంగులోని వర్ణాన్ని అలాగే ఉంచి, వెలుగు తగ్గించడం. మా టెంప్లేట్‌లో చర్మం `#E8B48A`, నీడ `#CF9168`. వర్ణం, సాంద్రత, వెలుగు విడివిడిగా చూపే హెచ్ఎస్ఎల్ స్లైడర్లలో చూస్తే చర్మం వెలుగు 73, నీడ వెలుగు 61, నీడ వర్ణం కాస్త ఎరుపు వైపు జరిగింది. పెళ్లికొడుక్కి వర్ణం మార్చకుండా వెలుగు 55కి దించి, సాంద్రతని కూడా 67 నుంచి 50కి తగ్గించాను, లేకపోతే నారింజ రంగులోకి పోతుంది. వచ్చింది `#C68653`. నీడకి టెంప్లేట్‌లో ఉన్నంత తేడానే, పన్నెండు మెట్లు, ఇచ్చి `#A46337` పెట్టాను. అంత ముదురు మీద కూడా మెరూన్ గీత స్పష్టంగా కనిపించాలి. కనిపించింది.

ముఖం రంగు మార్చి చేతులు మర్చిపోవడం ఈ పనిలో చాలా తరచుగా జరిగే పొరపాటు. జీలకర్ర బెల్లం ఘట్టంలో పెళ్లికొడుకు చెయ్యి పెళ్లికూతురి తల మీదే ఉంటుంది, అక్కడ రంగు తేడా దాగదు. చెవులు, మెడ, భుజం, పాదాలు అన్నీ చూసుకోండి. ఇంక్‌స్కేప్‌లో `Edit > Select Same > Fill Color` తో ఆ రంగున్నవన్నీ ఒకేసారి దొరుకుతాయి. పురోహితుడి చేతులు కూడా దొరికేస్తాయి కాబట్టి ఆయన్ని ముందు లాక్ చేయండి.

జుట్టుకి నలుపు వాడకుండా టెంప్లేట్‌లో మిగతావాళ్ల జుట్టు రంగే వాడండి. కంటి తెలుపుకి కూడా చాలా టెంప్లేట్లు స్వచ్ఛమైన తెలుపు వాడవు, కాగితం వెనక రంగే వాడతాయి. స్వచ్ఛమైన తెలుపు పెడితే ఆ కళ్లు కార్డులోంచి మనల్నే చూస్తున్నట్టుంటాయి.

ముఖం ఖాళీగా వదిలేయడం

కార్డులో జంట బొమ్మ చిన్నదైతే, అంటే ముఖం కాగితం మీద ఒక సెంటీమీటరు కన్నా తక్కువ వస్తుంటే, నేను ఇదే చేయమంటాను. అంత చిన్న చోట పది గీతలు గీస్తే ఒకదానికొకటి అంటుకుంటాయి, గీత సన్నం చేస్తే మిగతా బొమ్మతో కలవదు. టెంప్లేట్‌లో మిగతావాళ్లకి కూడా ముఖాలు ఖాళీగా ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. మిగతావాళ్లకి కళ్లూ ముక్కూ ఉండి జంటకి మాత్రం లేకపోతే బాగుండదు, అప్పుడు అందరివీ తీసేయాలి.

ఈ పద్ధతి అందరికీ సరిపోదు. గుండ్రటి కళ్లజోడు, ఒత్తైన గడ్డం, ఉంగరాల జుట్టు, బాగా పొడుగు పొట్టి తేడా, ఇలాంటి గుర్తు ఏదో ఒకటి ఉండాలి. ఇద్దరికీ అలాంటిదేమీ లేకపోతే ఖాళీ ముఖాలు ఏ జంటవైనా కావచ్చు. దానికి తోడు కొంతమంది పెద్దవాళ్లకి కళ్లు లేని బొమ్మ శుభకార్యంలో అస్సలు నచ్చదు. ముందే ఒకసారి ఇంట్లో చూపించి అడగడం మంచిది.

ప్రెస్‌కి, వాట్సాప్‌కి పంపే ముందు

పూర్తయిందనుకున్నాక బొమ్మని ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ముఖాలు మిగతా బొమ్మకన్నా ముందు కొట్టొచ్చినట్టు కనిపిస్తే గీత మందమో, రంగు వెలుగో ఎక్కడో తప్పింది. రంగులో కన్ను పట్టుకోలేని తేడా అందులో బయటపడుతుంది. తర్వాత అసలు సైజులో ఒక మామూలు ప్రింటు తీసి, ఎవరిదో చెప్పకుండా, పెళ్లివాళ్లకి బాగా తెలిసిన ఒకరికి చూపించండి. నేను మా అమ్మమ్మకి చూపించాను. అద్దాలు తుడుచుకుని చూసి, "దీని బుగ్గలు మాత్రం మా పెద్దదానివే" అంది.

ప్రెస్‌లో నాలుగు ఇంకుల ముద్రణకి వెళ్తే తెర మీద మెరిసే ఎరుపు, చిలకాకుపచ్చ కొంచెం చప్పబడతాయి. చర్మం రంగు కూడా కాస్త జరుగుతుంది. కాబట్టి హైదరాబాద్ ఛత్తా బజార్‌లో వేయించినా, శివకాశి నుంచి తెప్పించినా, అదే కాగితం మీద ఒక ప్రూఫ్ అడిగి, ముఖం రంగు, చేతుల రంగు పక్కపక్కనే పెట్టి చూసుకోండి. వాట్సాప్ కార్డుని ఫోటోగా పంపితే కుదించేస్తుంది, లోపలి సన్న గీతలే ముందు చెడతాయి. డాక్యుమెంట్‌గా పంపితే గీతలు గీసినట్టే ఉంటాయి.